'రేటు ఎక్కువండీ' అన్నప్పుడు

కొత్త ఫ్లాట్ కొన్న దంపతులు వంటింటి వుడ్‌వర్క్‌కి కొటేషన్ అడిగారు. కాంట్రాక్టర్ వచ్చి గోడలు కొలుచుకుని, రెండు రోజుల తర్వాత వాట్సాప్‌లో 2,40,000 రూపాయల కొటేషన్ పంపాడు. సాయంత్రం ఆవిడ ఫోన్ చేసింది. "మీ రేటు బాగా ఎక్కువగా ఉందండీ. వేరే ఆయన 1,95,000కే చేస్తానంటున్నాడు. ఫైనల్‌గా ఎంతకు చేస్తారు?"

చాలామంది ఇక్కడే తడబడతారు. పని చేజారుతుందన్న భయంతో, "సరే మేడమ్, మీకోసం 2,10,000కి చేసేద్దాం" అని ఆ ఫోన్‌లోనే అనేస్తారు. ఆ మాటతో ఎంత పోయిందో లెక్క వేసి చూడాలి. సులువుగా ఉండటానికి ప్లైవుడ్, లామినేట్, హార్డ్‌వేర్, మనుషుల కూలి, రవాణా అన్నీ కలిపి కాంట్రాక్టర్‌కి 2,00,000 ఖర్చనుకుందాం. మిగిలేది 40,000. అందులోంచి 30,000 తగ్గిస్తే మొత్తం బిల్లులో తగ్గింది ఎనిమిదో వంతే, కానీ మిగులులో నాలుగింట మూడు వంతులు పోయాయి. ఖర్చులో రూపాయి కూడా తగ్గలేదు కాబట్టి ఆ కోత అంతా లాభం మీదే పడింది. మిగిలిన 10,000తో నెల రోజుల పని, మధ్యలో ఒక షట్టర్ తేడా వస్తే మళ్లీ చేయించడం, ఆరు నెలల తర్వాత కీళ్లు సరిచేయడానికి రావడం అన్నీ వెళ్లదీయాలి. కుదరదు. అప్పుడు చెయ్యి సరుకు మీదికి వెళుతుంది. నష్టపోయేది చివరికి ఆ ఇల్లాలే.

ఇంకో చిక్కు ఉంది. అడిగిన వెంటనే 30,000 తగ్గిందంటే, మొదటే అంత ఎక్కువ వేశారని ఆవిడ అనుకోవడంలో తప్పేముంది? ఇక అక్కడి నుంచి ప్రతి అంకె మీదా అనుమానమే. హ్యాండిల్ రేటు దగ్గరా, చివరి విడత డబ్బు ఇచ్చే దగ్గరా మళ్లీ బేరం మొదలవుతుంది.

కాబట్టి మొదటి జవాబులో అంకె ఉండకూడదు. అలాగని మొండిగా "మా రేటు ఇంతే" అనీ అనకూడదు. "మంచి పని చేశారు, చెప్పారు. దేనితో పోలిస్తే ఎక్కువగా అనిపించిందో చెప్తారా? ఆ కొటేషన్ చూసినా, మీరు అనుకున్న బడ్జెట్ చెప్పినా, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుందాం" అంటే చాలు. ఎందుకంటే 'ఎక్కువ' అన్న ఒక్క మాట వెనక మూడు వేర్వేరు సంగతులు ఉండొచ్చు. చేతిలో అంత డబ్బు లేకపోవచ్చు. ఇంకొకరి కొటేషన్ తక్కువగా కనిపించి ఉండొచ్చు. లేదా అడిగితే పోయేదేముందని అడిగి ఉండొచ్చు. మూడోవాళ్లకు మర్యాదగా, ఓపిగ్గా ఒకసారి వివరిస్తే సరిపోతుంది. అసలు పని ఉన్నది మొదటి రెంటితోనే.

రెండో కొటేషన్ సంగతి చూద్దాం. ఆ దంపతులు చూపించిన 1,95,000 కాగితంలో మూడే వరుసలున్నాయి. 'ప్లైవుడ్' అని ఉంది, ఏ రకమో లేదు. తేమను కొంతవరకే తట్టుకునే ఎంఆర్ గ్రేడా, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్డా? రెంటి ధరలోనూ బాగా తేడా. సింకు కింది అరలో పైపు కారి తడి నిలిస్తే ఎంఆర్ షీట్ అంచుల దగ్గర ఉబ్బుతుంది, లామినేట్ లేస్తుంది, తలుపు సరిగా పడదు. ఇక ఆ కాగితం అడుగున చిన్న అక్షరాల్లో 'యాక్సెసరీస్ అదనం' అని ఉంది. అంటే సొరుగుల ఛానెళ్లు, ప్లేట్ల బుట్టలు ఆ రేటులో లేవు. జీఎస్టీ మాటే ఎత్తలేదు. పై అటక తలుపులున్నాయో లేదో తెలియదు.

ఇలాంటప్పుడు అవతలి కాంట్రాక్టర్‌ని తక్కువ చేసి మాట్లాడటం తప్పు. అతను నిజాయితీగానే తక్కువ సరుకుతో తక్కువ రేటు చెప్పి ఉండొచ్చు. "ఆయన్ని ఈ నాలుగు ప్రశ్నలు అడగండి మేడమ్, ప్లై గ్రేడ్, దాని మందం, యాక్సెసరీస్, జీఎస్టీ. అవన్నీ కలిపాక కూడా ఆయనదే తక్కువైతే ఆయన చేతే చేయించుకోండి" అని చెప్పగలగాలి. ఈ మాట చెప్పగలిగినవాడి మీద కలిగే నమ్మకం తగ్గింపుతో రాదని నా అభిప్రాయం. ఒకవేళ సరుకంతా సమానంగానే ఉండి అతనిది నిజంగా తక్కువని తేలితే, అప్పుడు కాంట్రాక్టర్ తన లెక్కే మళ్లీ చూసుకోవాలి. కొలత తప్పిందా, ఏదైనా రెండుసార్లు వేశాడా అని. తప్పు దొరికితే "ఇక్కడ నాదే పొరపాటు" అని ఆ వరుస చూపించి సరిచేయాలి. అది బేరానికి లొంగడం కాదు.

ఇక డబ్బే సమస్య అయితే. ఆవిడ చివరికి అసలు సంగతి చెప్పింది. "రిజిస్ట్రేషన్‌కి ఖర్చయిపోయింది, 2,10,000 దాటితే మా వల్ల కాదండీ." ఇది బేరం కాదు, హద్దు. ఇక్కడ తగ్గాల్సింది పని, ఆ తర్వాతే రేటు. కాంట్రాక్టర్ కొటేషన్‌ని వరుస వరుసగా విప్పి ముందు పెట్టాడు. అటక తలుపులు 16,000. వాటిని తర్వాత పెట్టుకోవచ్చు, ఇప్పుడు ఖాళీగా వదిలేసినా వంటకు ఇబ్బంది లేదు. మెత్తగా మూసుకునే సొరుగుల్లో రెండింటి బదులు మామూలు అరలు పెడితే 11,000 తగ్గుతుంది. ఈ రెండూ తీసేస్తే 2,13,000. సింకు కింది ప్లై మార్చడానికి మాత్రం అతను ఒప్పుకోలేదు, కారణం చెప్పాడు. తలుపుల కీళ్లూ అంతే. రోజుకి ఇరవైసార్లు తెరిచే తలుపుకి చవక కీలు పెడితే మొదట వంగేది అదే.

మిగిలిన 3,000 తగ్గించాడు గానీ ఊరికే కాదు. మామూలుగా అడ్వాన్స్ 50 శాతం తీసుకుంటాడు. "60 శాతం ముందే ఇస్తే షీట్లన్నీ ఒకేసారి కొనేస్తాను, ఆటో ఖర్చు కలిసొస్తుంది, ఆ మేరకు తగ్గిస్తాను" అన్నాడు. వాళ్లు సరేనన్నారు. ఇచ్చిన ప్రతి తగ్గింపుకీ ఎదురు ఏదో ఒకటి ఉంటే, మొదటి రేటు ఊరికే వేసింది కాదని తెలుస్తుంది.

ఇప్పుడు లెక్క మళ్లీ చూడండి. తీసేసిన 27,000 పనితో పాటు దాని ఖర్చు కూడా, సుమారు 22,500, పోయింది. 3,000 తగ్గింపు పోనూ కాంట్రాక్టర్‌కి 32,500 మిగిలింది. ఫోన్‌లో తొందరపడి అదే 2,10,000కి ఒప్పుకుని ఉంటే మిగిలేది 10,000. ఆవిడ ఇచ్చేది రెండు సందర్భాల్లోనూ ఒకటే.

ఇంత చేసినా కొన్ని పనులు కుదరవు. మెరైన్ ప్లైయే కావాలి, అన్ని సొరుగులూ కావాలి, 1,80,000కే కావాలంటే చేసేదేమీ లేదు. అప్పుడు ఆ ధరకు తాను చేయలేనని చెప్పి, కొటేషన్ 15 రోజులు చెల్లుతుందని రాసి ఇచ్చి వచ్చేయడమే. గడువు రాయడం బెదిరింపు కాదు, ప్లై ధర మారుతుంది కాబట్టి అవసరం.

కుదిరిన చోట మాత్రం పాత కొటేషన్ మీద అంకె కొట్టేసి కొత్తది రాయకూడదు. కొత్త కాగితం తీసి, ఏవి ఉన్నాయో రాశాక, 'ఈ ధరలో లేనివి: అటక తలుపులు, రెండు సొరుగులు' అని విడిగా రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. పని సగంలో ఇంటికొచ్చిన బంధువు "అటకకి తలుపుల్లేవేంటి?" అని అడిగితే జవాబు ఆ కాగితంలోనే ఉంటుంది.