పొంగేది పాలా, ఆవిరా?

ఏడో తరగతి చదివే చిన్ని సెలవులకు అమ్మమ్మగారింటికి వెళ్లింది. పొద్దున్నే ఒక పొయ్యి మీద నీళ్లు, ఇంకో పొయ్యి మీద పాలు పెట్టి, పాల దగ్గర చిన్నిని కాపలా ఉంచింది అమ్మమ్మ.

చిన్ని: అమ్మమ్మా, ఆ నీళ్లు ఎప్పట్నుంచో మరుగుతున్నాయి. వాటికి లేని కాపలా పాలకెందుకు?

అమ్మమ్మ: నీళ్లు ఎంత కుతకుతలాడినా గిన్నె దాటవు. పాలు అలా కాదు, మనం అటు తిరిగితే చాలు. సరేగానీ, దూరంగా నిలబడి ఆ నీళ్లలోకి చూడు. ఏం కనిపిస్తోంది?

చిన్ని: అడుగు నుంచి బుడగలు వస్తున్నాయి. పైకి రాగానే పగిలిపోతున్నాయి.

అమ్మమ్మ: వాటిలో ఏముంటుంది?

చిన్ని: గాలి!

అమ్మమ్మ: నీళ్లు కాస్త వేడెక్కినప్పుడు గిన్నె గోడలకు సన్నగా అంటుకున్నాయే, అవి గాలి బుడగలు. ఇప్పుడొచ్చేవి కావు. గిన్నె అడుగున మంట తగిలే చోట నీళ్లే ఆవిరైపోతున్నాయి. ఆ ఆవిరే బుడగ.

చిన్ని: అవును, మా సైన్సు టీచర్ చెప్పారు. నీళ్లు మరిగి ఆవిరైతే సుమారు 1,600 రెట్లు చోటు కావాలట. అంటే ఒక్క చెంచా నీళ్లు 1,600 చెంచాల ఆవిరి!

అమ్మమ్మ: అంత ఆవిరి పుడుతున్నా నీళ్లు పొంగట్లేదు, ఎందుకు? బుడగ పైకొచ్చీ రాగానే పగిలి, ఆవిరి బయటికి పోతోంది. గిన్నెలో ఏమీ మిగలడం లేదు. ఇప్పుడు చెప్పు, పాలలో ఎక్కువ భాగం ఏమిటి?

చిన్ని: నీళ్లే. నూటికి 87 వంతుల దాకా నీళ్లేనని పుస్తకంలో ఉంది.

అమ్మమ్మ: అయితే పాలలోనూ అవే ఆవిరి బుడగలు రావాలి. వస్తాయి కూడా. కాకపోతే అవి పగలవు. సబ్బు కలిపిన నీళ్లను గిలక్కొడితే నురగ నిలుస్తుంది, ఉత్త నీళ్లను కొడితే నిలవదు. చూశావు కదా?

చిన్ని: అంటే పాలలో సబ్బులాంటిది ఏదో ఉందన్నమాట.

అమ్మమ్మ: ఉంది. పేరు నువ్వే చెప్పాలి, నేను చదివింది ఐదో తరగతే.

ఆ పేరు ప్రోటీన్లు. లీటరు పాలలో 30 గ్రాములకు పైగానే ఉంటాయి. బుడగ పుట్టగానే ఇవి దాని చుట్టూ చేరి పలచని పొరలా అల్లుకుంటాయి. వేడి 70 డిగ్రీల సెల్సియస్ దాటాక కొన్ని ప్రోటీన్ల చుట్టలు విప్పుకొని ఒకదానికొకటి పట్టుకుంటాయి, దాంతో పొర ఇంకా గట్టిపడుతుంది. పగలని బుడగ మీద ఇంకో పగలని బుడగ చేరుతూ పోతే అదే నురగ. గిన్నె దాటి పొయ్యి మీద పడేది చాలావరకు ఈ నురగే. అందుకే పొంగిపోయాక చూస్తే, గిన్నెలో పాలు మనం భయపడినంత తగ్గి ఉండవు.

చిన్ని: మరి మా ఫ్రెండ్ ఏమందంటే, పైన మీగడ మూతలా కప్పేస్తుందట, కింద ఆవిరికి దారిలేక పాలను ఎత్తేస్తుందట.

అమ్మమ్మ: అందులో సగమే నిజం. మీగడ కట్టాక ఆవిరి కాసేపు ఆగి, ఒక్కసారిగా ఎత్తుతుంది. కానీ మీగడ తీసేసి కాచి చూడు, అప్పుడూ పొంగుతాయి. వెన్న తీసిన పాలు కూడా పొంగుతాయి. మీగడ ఒక్కదాని మీదే నేరం మోపకు.

చిన్ని: ఇంకొకటి అమ్మమ్మా. ఇంతసేపూ బుద్ధిగా ఉన్న పాలు ఉన్నట్టుండి ఎందుకు లేస్తాయి? కొంచెం కొంచెంగా పొంగొచ్చు కదా!

అమ్మమ్మ: మంచి ప్రశ్న. పొంగే ముందు గిన్నెలోంచి సన్నగా చప్పుడు వస్తుంది, విన్నావా? అప్పటికి అడుగు పాలు కాగాయి, పైపాలు ఇంకా అంత కాగలేదు. అడుగున పుట్టిన బుడగలు పైకొస్తూ ఆ తక్కువ వేడికే మళ్లీ నీళ్లయి నలిగిపోతుంటాయి. ఆ చప్పుడు అదే. కాసేపటికి పాలన్నీ ఒకే వేడికి వస్తాయి. ఇక దారిలో నలిగేవి ఉండవు, పుట్టిన ప్రతి బుడగా పైకి చేరుతుంది. పైనేమో పగలదు. అంతే, గుప్పున లేస్తాయి.

ఇలా అంటూనే అమ్మమ్మ పొయ్యి కట్టేసింది. అంచు దాకా వచ్చిన పాలు మెల్లగా కిందికి జారాయి.

చిన్ని: అమ్మ అయితే గబగబా నీళ్లు చిలకరిస్తుంది.

అమ్మమ్మ: చన్నీళ్లు పడితే బుడగల్లోని ఆవిరి చల్లబడి నీళ్లయిపోతుంది, నురగ కూలిపోతుంది. కానీ కింద మంట అలాగే ఉంటే మళ్లీ లేస్తాయి. ముందు మంట తీసేయాలి, తరువాతే ఏదైనా.

చిన్ని: గిన్నె మీద అడ్డంగా చెక్క గరిటె పెడితే పొంగవంటారు, నిజమేనా?

అమ్మమ్మ: కాసేపు ఆపుతుంది. పైకొచ్చిన బుడగలు పొడిగా, చల్లగా ఉన్న గరిటెకు తగిలి పగులుతాయి. గరిటె కూడా తడిసి వేడెక్కిందా, ఇక దాని పని అయిపోయినట్టే. అంచు చుట్టూ నెయ్యి రాసినా కొంత ఆగుతుంది, జిడ్డు తగిలితే బుడగ పొర తెగుతుంది కనుక. మంట పెద్దదైతే ఇవేవీ నిలవవు. నన్నడిగితే పెద్ద గిన్నె పెట్టుకోవడమే అన్నిటికన్నా మేలు. అర లీటరు పాలకు లీటరు పట్టే వెడల్పాటి గిన్నె తీసుకో. నురగ పైకెక్కడానికి చోటుంటుంది, పరుచుకుని పగలడానికీ చోటుంటుంది. అవే పాలు ముప్పావు లీటరు పట్టే ఇరుకుమూతి గిన్నెలో పోస్తే, కళ్లు మూసి తెరిచేలోపు పొయ్యి మీదుంటాయి.

చిన్ని: మీ చిన్నప్పుడు కూడా ఇలాగే కాపలా కాసేవారా?

అమ్మమ్మ: లేదే. మా ఊళ్లో పాలు దాలిలో కాచేవాళ్లం. గుంతలో పిడకలు రాజేసి, మంట లేకుండా నిప్పు మాత్రమే ఉండేలా చేసి, దాని మీద పాలకుండ పెట్టి వెళ్లిపోయేవాళ్లం. సాయంత్రానికి పాలు ఎర్రబడి, పైన మందంగా మీగడ కట్టేది. ఒక్క చుక్క పొంగేది కాదు.

చిన్ని: మీగడ అంత మందంగా ఉన్నా పొంగలేదా! అయితే మా ఫ్రెండ్ చెప్పింది తప్పే.

అమ్మమ్మ: చూశావా. అక్కడ సెగ తక్కువ. అడుగున జోరుగా బుడగలు పుట్టవు, ఆవిరి పైనుంచి నెమ్మదిగా పోతుంది. పుట్టే బుడగలకన్నా పగిలే బుడగలు ఎక్కువైతే పొంగు రాదు.

చిన్ని: మరి గృహప్రవేశంలో పాలు పొంగాలంటారుగా?

అమ్మమ్మ: అప్పుడు కావాలనే చిన్న గిన్నె తీసుకుంటాం, నిండా పోస్తాం, మంట పెద్దది పెడతాం. రోజూ చేయకూడదనుకునేవన్నీ ఆ రోజు చేస్తామన్నమాట.

పిల్లలూ, ఇది మీరూ ఇంట్లో చూడొచ్చు. ఒకేలాంటి రెండు గిన్నెల్లో సగం సగం నీళ్లూ పాలూ పోసి, అమ్మనో నాన్ననో కాచమనండి. ఒక చెంచా బియ్యప్పిండి కలిపిన నీళ్లను మూడో గిన్నెలో పెట్టి, అవి నీళ్లలా మరుగుతాయో పాలలా పొంగుతాయో ముందే ఊహించి రాసుకోండి. అన్నం గంజి ఎందుకు పొంగుతుందో కూడా తెలుస్తుంది. పొయ్యి దగ్గర మాత్రం పెద్దవాళ్లే ఉండాలి. పొంగిన పాలు నీళ్లలా జారిపోవు, ఒంటికి అంటుకుని కాలుస్తాయి.