వాట్‌గంజ్‌లో అద్దె దుకాణం: యజమాని నుంచి ఏ పత్రం అడగాలి?

కోల్‌కతా: ఖిదిర్‌పూర్ రేవును ఆనుకొని ఉన్న వాట్‌గంజ్‌లో దుకాణం అద్దెకు దొరకడం కంటే, ఆ దుకాణం చిరునామాను కాగితంపై రుజువు చేయడమే చాలాసార్లు కష్టమవుతుంది. కోల్‌కతా నగరపాలక సంస్థ ఇచ్చే ‘సర్టిఫికెట్ ఆఫ్ ఎన్‌లిస్ట్‌మెంట్’ (వాడుకలో ట్రేడ్ లైసెన్సు)కు, జీఎస్‌టీ నమోదుకు అద్దెదారు తన స్థల ఆధారాన్ని చూపాలి. దానికి యజమాని సహకారం అవసరమవుతుంది. అయితే అద్దె వసూలు చేసే వ్యక్తి, పత్రాల్లో యజమానిగా ఉన్న వ్యక్తి ఒకరేనా అన్నది ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న.

ఒక ఉదాహరణ చూద్దాం. ఆంధ్ర నుంచి పచ్చళ్లు, పప్పుపొడులు తెప్పించి అమ్మే వ్యాపారి వాట్‌గంజ్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నారనుకుందాం. ఇతర రాష్ట్రాలకు కూడా సరుకు పంపదలచినందున ఆయన జీఎస్‌టీ నమోదుకు దరఖాస్తు చేశారు. అద్దె తీసుకునే వ్యక్తి సంతకం చేసిన సమ్మతి పత్రాన్ని, ఆస్తిపన్ను రసీదును జతపరిచారు. కానీ రసీదుపై ఉన్నది ఆ వ్యక్తి పేరు కాదు. మరణించిన ఆయన తండ్రి పేరు. పైగా అద్దె చెల్లిస్తున్నప్పుడు అద్దె ఒప్పందం లేకుండా సమ్మతి పత్రం మాత్రమే పెట్టారు. ఇలాంటి దరఖాస్తుపై అధికారి GST REG-03 నోటీసు ద్వారా వివరణ కోరతారు. దానికి ఏడు పనిదినాల్లోగా GST REG-04లో జవాబివ్వాలి. జవాబు సంతృప్తికరంగా లేకుంటే దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది.

సమ్మతి పత్రం, అద్దె ఒప్పందం ఒకటి కావు. బంధువుల స్థలాన్ని అద్దె లేకుండా వాడుకొనేవారు ఒప్పందానికి బదులు సమ్మతి పత్రం ఇవ్వవచ్చు. అద్దె చెల్లించేవారు ఒప్పందంతోపాటు యజమాని పేరిట ఉన్న ఆస్తిపన్ను రసీదు, విద్యుత్ బిల్లు వంటి ఏదైనా ఒక ఆధారాన్ని ఇవ్వాలి. కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2025 ఏప్రిల్ 17న ఇచ్చిన సూచనల ప్రకారం, ఒప్పందం రిజిస్టరై ఉంటే యజమాని గుర్తింపు పత్రం అడగరాదు; రిజిస్టరు కాకుంటే అది కూడా అవసరం.

పై ఉదాహరణలో కుమారుడు ఒక్కడే సంతకం చేయడం చాలదు. తండ్రి మరణ ధ్రువపత్రం, వారసుల వివరాలు, ఇతర వారసుల అంగీకారం జతచేస్తే సందేహం తీరుతుంది. నగరపాలక సంస్థ రికార్డుల్లో పేరు మార్పు చేయించుకోవడం శాశ్వత పరిష్కారం.

పాత కోల్‌కతాలో మరో చిక్కు కూడా ఉంది. ‘ఠికా’ భూముల్లో నేల ప్రభుత్వానిది. 1981 నాటి చట్టం ద్వారా అది రాష్ట్రానికి చేరింది. దానిపై కట్టడం మాత్రం ఠికా కౌలుదారుది. గదిని అద్దెకు తీసుకున్నవారు ‘భాడాటియా’, అంటే మూడో అంచెలో ఉన్నవారు. అక్కడ భూమి యజమాని కోసం వెతకడం వృథా. కట్టడానికి పన్ను ఎవరి పేరిట ఉందో వారితోనే ఒప్పందం చేసుకోవాలి. రేవు సంస్థ భూమి అయితే, లీజుదారుకు తిరిగి అద్దెకిచ్చే అనుమతి ఉందో లేదో చూసుకోవాలి.

యజమానులు వెనుకాడటానికీ కారణాలున్నాయి. కోల్‌కతాలో 2017 నుంచి అమలవుతున్న యూనిట్ ఏరియా విధానంలో స్థలాన్ని దేనికి వాడుతున్నారన్నది పన్నును ప్రభావితం చేస్తుంది. నివాసంగా నమోదైన గదిలో దుకాణం ఉందని రాసిస్తే పన్ను పెరుగుతుందన్న భయం నిరాధారం కాదు. అందుకే పెరిగే పన్నును ఎవరు భరించాలో ఒప్పందంలో ముందే రాసుకోవడం మంచిది. సంతకం చేస్తే గదిపై హక్కు పోతుందన్న శంకకు, పత్రంలోనే సమాధానం రాయవచ్చు: ప్రెమిసెస్ నంబరు, అసెసీ నంబరు, గది విస్తీర్ణం, వ్యాపారం పేరు పేర్కొని, ‘ఇది వ్యాపార నమోదు నిమిత్తమే, యాజమాన్య హక్కు కల్పించదు’ అని చేర్చాలి. ఇచ్చే ప్రతి నకలుపైనా దాని ఉద్దేశాన్ని, తేదీని అడ్డంగా రాయించాలి.

అయినా యజమాని నిరాకరిస్తే దారి పూర్తిగా మూసుకుపోదు. ఒప్పందం లేనివారు, తమ పేరిట ఉన్న విద్యుత్ బిల్లు వంటి స్వాధీన ఆధారంతో పాటు నోటరీ ముందు చేసిన అఫిడవిట్ సమర్పించవచ్చని అవే సూచనలు చెబుతున్నాయి. విద్యుత్ చట్టం 2003లోని 43వ సెక్షన్ ప్రకారం యజమానితోపాటు ఆ స్థలంలో ఉంటున్నవారు కూడా కనెక్షన్ కోరవచ్చు. అయితే ఇది జీఎస్‌టీకి మాత్రమే వర్తించే వెసులుబాటు. ట్రేడ్ లైసెన్సుకు ఏ ఆధారం సరిపోతుందో నగరపాలక సంస్థ లైసెన్సు విభాగంలో విడిగా తెలుసుకోవాలి. కాబట్టి ఆస్తిపన్ను రసీదుపై ఎవరి పేరుందో గది అడ్వాన్సు ఇవ్వకముందే చూడాలి.