యానిమేటర్ నుంచి కంపోజిటర్‌కు: ఒక షాట్ ఫైళ్ల అప్పగింత

యానిమేషన్ చిత్రంలో పాత్రకు కదలిక ఇచ్చేది యానిమేటర్. కదిలే బొమ్మలను, నేపథ్యాన్ని, నీడలను, వెలుగులను ఒకదానిపై ఒకటి పేర్చి తెరపై కనిపించే దృశ్యంగా కూర్చేది కంపోజిటర్. ఈ ఇద్దరూ ఒకే గదిలో పనిచేయాలనేమీ లేదు. హైదరాబాద్‌లో సాయంత్రం పంపిన ఫైళ్లను లాస్ ఏంజెలెస్‌లో పొద్దున తెరిచేసరికి ఇక్కడ రాత్రవుతుంది. అక్కడివారికి ఒక సందేహం వస్తే జవాబు మరునాటికి గానీ అందదు. అందుకే ఫైలు పేరు, లేయర్ పేరు, వెంట వచ్చే నోట్ చదివితే చాలు, పని మొదలుపెట్టగలిగేలా ఉండాలి.

పారదర్శకమైన సెల్యులాయిడ్ షీట్లపై బొమ్మలు వేసిన రోజుల్లో ఈ బాధ్యతంతా ఎక్స్‌పోజర్ షీట్ అనే పొడవాటి కాగితానిది. అందులో ఒక్కో వరుస ఒక్కో ఫ్రేముకు, ఒక్కో నిలువు గడి ఒక్కో లేయర్‌కు. కెమెరా ఎటు జరగాలో పక్కన రాసేవారు. కెమెరామన్ ఆ కాగితం చూసి షీట్లు మారుస్తూ ఫ్రేము తర్వాత ఫ్రేము తీసేవాడు. జపాన్ యానిమేషన్‌లో కింది నుంచి పైకి A, B, C అని లేయర్లకు పేర్లు పెట్టే టైమ్ షీట్ పద్ధతి ఉంది. కంప్యూటర్ వచ్చాక ఆ కాగితంలోని సమాచారం షాట్ నంబరు, లేయర్ పేర్లు, నోట్ అనే మూడు చోట్లకు చేరింది.

ఒక ఊహా షాట్‌తో దీన్ని చూడవచ్చు. రాత్రివేళ ఒక కుర్రాడు లాంతరు పట్టుకుని పెరట్లో నడుస్తుంటాడు. కెమెరా అతని వెంటే సాగుతుంది. కాబట్టి అతను తెర మధ్యలోనే ఉంటాడు, పెరడు వెనక్కి జరుగుతుంది. ఒక స్తంభం అతనికి అడ్డువచ్చి దాటిపోతుంది. ఏదో అలికిడి విని లాంతరును వీపు వెనక దాచి, అతను కదలకుండా నిలబడిపోతాడు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నాలుగు సెకన్ల షాట్, మొత్తం 96 ఫ్రేములు. యానిమేటర్ పంపే ఫోల్డర్ ఇలా ఉంటుంది:

```
EP03_SQ020_SH0150_anim_v03
  010_BG_courtyard
  020_BOY_shadow
  030_BOY_armR_back
  040_BOY_body
  050_BOY_armR_front
  055_FLAME
  060_OL_pillar
```

మొదటి వరుస చెప్పేది మూడో ఎపిసోడ్, 20వ సీక్వెన్స్, 150వ షాట్, యానిమేషన్ విభాగం, మూడో వెర్షన్ అని. షాట్లకు పదేసి చొప్పున నంబర్లు వేస్తారు. 150కి, 160కి మధ్య కొత్త షాట్ కావాలని ఎడిటర్ అడిగితే దానికి 155 ఇస్తే సరిపోతుంది. మిగతా షాట్ల నంబర్లు మార్చే పని ఉండదు. ముందున్న సున్నాలు వరుస చెడకుండా కాపాడతాయి. అక్షరక్రమంలో పేర్చే సాఫ్ట్‌వేర్‌లో SH10 వచ్చి SH2 కన్నా ముందు కూర్చుంటుంది. SH0010, SH0020 అంటే ఆ చిక్కు ఉండదు. పేర్లలో ఖాళీలకు బదులు అండర్‌స్కోర్ వాడతారు. లినక్స్ యంత్రాలకు FLAME, Flame రెండు వేర్వేరు పేర్లు గనుక, పెద్దక్షరాలో చిన్నక్షరాలో ముందే ఒక పద్ధతి అనుకుని దానికే కట్టుబడతారు.

లేయర్ల ముందున్న అంకెలు కింది నుంచి పైకి పేర్చే వరుసను చెబుతాయి. అన్నిటికీ కింద నేపథ్యం, అన్నిటికీ పైన స్తంభం. మంటను వేరే లేయర్‌గా ఇవ్వాలని పని మధ్యలో నిర్ణయించుకున్నా, 050కి, 060కి మధ్య 055 ఖాళీగానే దొరికింది. కుడి చెయ్యి రెండు లేయర్లుగా రావడానికి కారణం వేరు. 1048వ ఫ్రేము వరకు అది శరీరానికి ముందు ఉంటుంది, 1049 నుంచి వెనక్కి వెళుతుంది. ఒకే లేయర్‌గా పంపితే కంపోజిటర్ ఆ మార్పును కంటితో పట్టుకోవాలి. పట్టుకోకపోతే వీపు వెనక ఉండాల్సిన చెయ్యి పొట్టమీద అతికినట్టు కనిపిస్తుంది. రెండుగా విడదీసి పేర్లు పెట్టడంతో ఆ ప్రమాదం తప్పింది.

ఇక ఫ్రేము నంబర్లు. ఈ షాట్ 1001తో మొదలై 1096తో ముగుస్తుంది. ఒకటితో కాకుండా 1001తో మొదలుపెడితే, ఎడిటర్ ముందు ఎనిమిది ఫ్రేములు కలపమన్నప్పుడు 993 నుంచి మొదలుపెట్టవచ్చు; సున్నా, మైనస్ అంకెలు రావు. సెకనుకు ఎన్ని ఫ్రేములో కూడా రాసి తీరాలి. బొమ్మల వరుసలో ఆ సమాచారం ఉండదు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ తన మామూలు అమరికలో దాన్ని సెకనుకు 30గా తీసుకుంటుంది. అప్పుడు 96 ఫ్రేములు 3.2 సెకన్లకే అయిపోతాయి. నడక కాస్త హడావిడిగా అనిపించడం, శబ్దం కన్నా బొమ్మ ముందే ముగిసిపోవడం దీనికి గుర్తులు.

నోట్‌లో రాయాల్సింది పేర్లలో ఇమడని సంగతులు. ఈ షాట్‌లో కుర్రాడి నడకను రెండేసి ఫ్రేములకు ఒక బొమ్మ చొప్పున వేశారు. కంపోజిటర్ నేపథ్యాన్ని ప్రతి ఫ్రేముకూ జరిపితే, నేలకు ఆనిన పాదం జారుతున్నట్టు కనిపిస్తుంది. కాబట్టి 1060 వరకు నేపథ్యం రెండు ఫ్రేములకోసారి 16 పిక్సెళ్లు జరగాలని, కెమెరాకు దగ్గరగా ఉన్న స్తంభం అదే వ్యవధిలో 24 పిక్సెళ్లు జరగాలని నోట్ చెబుతుంది. 1061 నుంచి 1072 వరకు ఒకే బొమ్మ ఉంటుంది, అది కావాలని ఆపిందే అన్న వాక్యం కూడా అవసరం. లేకపోతే పన్నెండు ఒకేలాంటి ఫ్రేములు చూసి ఎగుమతిలో ఏదో చెడిందని అవతలివారు అనుకుంటారు.

వెలుగు సంగతి మరింత వివరంగా రాయాలి. మంటను యానిమేటర్ గీశాడు, చుట్టూ వ్యాపించే కాంతిని కంపోజిటర్ చేయాలి. లాంతరు వీపు వెనక్కి వెళ్లాక మంట కనిపించదు, 055 లేయర్ 1048తో ఆగిపోతుంది. అయితే వెలుగు ఆరిపోలేదు. కుర్రాడి అంచుల చుట్టూ సన్నని గీతలా కనిపించాలి. ఈ మాట రాయకపోతే లాంతరు ఆరిపోయిందనుకుని దృశ్యాన్ని చీకటి చేసేస్తారు.

పారదర్శకత గురించి కూడా ఒక వాక్యం ఉండాలి. బొమ్మ అంచున సగం పారదర్శకంగా ఉండే పిక్సెళ్ల రంగును రెండు రకాలుగా భద్రపరుస్తారు: ఉన్నదున్నట్టుగా, లేదా పారదర్శకతతో ముందే గుణించి. పీఎన్‌జీ మొదటి పద్ధతిని పాటిస్తుంది, ఈఎక్స్‌ఆర్‌లో రెండోది ఆనవాయితీ. గుణించిన బొమ్మను గుణించనిదిగా తీసుకుంటే పాత్ర చుట్టూ నల్లటి అంచు కనిపిస్తుంది. ముదురు నేపథ్యం మీద ఇది దాగిపోతుంది కాబట్టి లేత రంగు పెట్టి పరీక్షించాలి.

ఫైళ్లు అందగానే కంపోజిటర్ ఏ మార్పూ చేయకుండా లేయర్లను పేర్చి, యానిమేటర్ వెంట పంపిన నమూనా వీడియోతో పోలుస్తాడు. తేడా ఉంటే తిరుగు నోట్‌లో లేయర్ పేరు, ఫ్రేము నంబరు రెండూ ఉండాలి. “చెయ్యి బాగోలేదు” అంటే యానిమేటర్ 96 ఫ్రేములూ వెతకాలి. “030_BOY_armR_back, 1052: మోచేయి దగ్గర రంగు నిండలేదు” అంటే నేరుగా అక్కడికే వెళతాడు. సరిచేసినదాన్ని v03 మీద రాయకుండా v04గా పంపాలి. పాత పేరుతోనే మార్చితే కంపోజిటర్ కూర్చిన దృశ్యం అతనికి తెలియకుండానే మారిపోతుంది. ఒక్క లేయరే మారినా మొత్తం లేయర్లను v04 ఫోల్డర్‌లో పెట్టడం సురక్షితం. చోటు ఎక్కువ పట్టినా ఏ లేయర్ ఏ వెర్షనో లెక్కపెట్టుకోనక్కర్లేదు. పెద్ద షాట్లలో అది భారమైతే మారిన లేయర్‌ను మాత్రమే పంపి, మిగిలినవి v03వే అని నోట్‌లో స్పష్టంగా రాస్తారు.