సగటు దగ్గర ఎవరూ లేని తరగతి

గణాంకశాస్త్రం కొద్దిగానైనా చదివినవాళ్లకు మూడు అంకెలు గుర్తుండిపోతాయి: 68, 95, 99.7. సామాన్య విభాజనం, అంటే క్లాసులో అందరూ నార్మల్ డిస్ట్రిబ్యూషన్ అని పిలిచే గంట ఆకారపు వక్రం, దాన్ని వెన్నంటి ఉండే సూత్రం ఇది. దీన్ని బట్టీ పట్టడం తేలికే. ఎక్కడ వాడకూడదో పట్టుకోవడంలోనే పిల్లలు తడబడతారు. అందుకు కొంత కారణం మనం ఇచ్చే ఉదాహరణలే. మనుషుల ఎత్తులు, పరీక్ష మార్కులు పక్కపక్కన పెట్టి, రెండూ ఒకే తానులో ముక్కలన్నట్టు చెప్పేస్తాం. ఆ రెండింటికీ ఎంత తేడా ఉందో 20 మంది పిల్లలున్న ఒక తరగతిని ఊహించుకుని లెక్క కట్టి చూద్దాం.

ముందు ఎత్తులు. లెక్క సులువుగా తేలేలా 20 మంది అమ్మాయిల ఎత్తులు సెంటీమీటర్లలో ఇలా ఉన్నాయనుకుందాం: 141, 145, 146, 148, 149, 149, 150, 150, 151, 151, 153, 153, 154, 154, 155, 155, 156, 158, 159, 163. అన్నీ కూడితే 3040. ఇరవైతో భాగిస్తే సగటు 152.

సగటు ఒక్కటే తెలిస్తే సరిపోదు. పిల్లలు దాని చుట్టూ ఎంత దూరం వరకూ చెదిరి ఉన్నారో కూడా తెలియాలి. ఒక్కొక్కరి ఎత్తు 152కి ఎంత దూరంలో ఉందో రాయండి. 141 సెంటీమీటర్ల అమ్మాయికి 11 తక్కువ, 163 ఉన్న అమ్మాయికి 11 ఎక్కువ. ఈ తేడాలను ఉన్నవి ఉన్నట్టు కూడితే ఎక్కువలూ తక్కువలూ కొట్టుకుపోయి సున్నా వస్తుంది. కాబట్టి ప్రతి తేడాకూ వర్గం కట్టి కూడతాం. ఇక్కడ 500 వస్తుంది. ఇరవైతో భాగిస్తే 25, దాని వర్గమూలం 5. ఈ 5 సెంటీమీటర్లే ప్రామాణిక విచలనం. ఇకపై దూరాలన్నీ కొలిచే గజంబద్ద ఇదే.

ఇప్పుడు ఆ మూడు అంకెల మాట. సగటుకు అటూ ఇటూ ఒక ప్రామాణిక విచలనం దూరంలో సుమారు 68 శాతం, రెండింటి దూరంలో 95 శాతం, మూడింటి దూరంలో 99.7 శాతం మంది ఉండాలని సూత్రం చెబుతుంది. మన తరగతిలో 147 నుంచి 157 సెంటీమీటర్ల మధ్య ఎంతమంది ఉన్నారో వేలు పెట్టి లెక్కపెడితే 14 మంది, అంటే 70 శాతం. 142 నుంచి 162 మధ్య 18 మంది, అంటే 90 శాతం. 137 నుంచి 167 లోపల 20 మందీ ఉన్నారు. సూత్రం చెప్పిన అంకెలతో అచ్చుగుద్దినట్టు సరిపోలేదు, కానీ దగ్గరలోనే ఉన్నాయి. ఇరవై మందిలో ఒక్కరు అటూ ఇటూ అయితేనే అయిదు శాతం మారిపోతుంది. అంచేత చిన్న గుంపులో ఇంతకంటే దగ్గరగా రావాలని పట్టుబట్టకూడదు. ఈ మాట ముందే చెప్పకపోతే, 90 చూసిన పిల్లవాడు సూత్రం తప్పనుకుంటాడు, లేదంటే తన లెక్క తప్పనుకుంటాడు.

ఇక్కడే ఒక ప్రశ్న వేసి చూడండి. ఇదే సగటు, ఇదే విచలనం ఉన్న పెద్ద గుంపులో 157 సెంటీమీటర్ల అమ్మాయి కంటే పొట్టివాళ్లు ఎంత శాతం? చాలామంది ఠక్కున 68 అంటారు. అది 147కీ 157కీ మధ్య ఉన్నవాళ్ల లెక్క. 147 కంటే తక్కువ ఉన్నవాళ్లను అందులో కలపనే లేదు. మధ్యలో 68 పోగా మిగిలింది 32. గంట రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి ఎడమ కొసన 16, కుడి కొసన 16. ఎడమవైపు 16, మధ్యలోని 68 కలిపితే 84. అదీ జవాబు. బొమ్మ గీసి, కొసల్లో 16, 16 అని రాయించాక ఈ పొరపాటు మళ్లీ దొర్లదు.

ఎత్తులు ఎందుకిలా గంటలా కుదురుతాయి? ఒక మనిషి ఎత్తును ఏ ఒక్క కారణమో తేల్చదు. 2022లో 50 లక్షల మందికి పైగా జన్యు సమాచారాన్ని పరిశీలించిన అధ్యయనంలో, ఎత్తుతో ముడిపడ్డ జన్యు తేడాలు సుమారు 12,000 బయటపడ్డాయి. తిండి, చిన్నప్పటి జబ్బులు వీటికి అదనం. ఒక్కొక్కటి కాస్త పైకో కిందకో తోస్తుంది. వేల చిన్న చిన్న తోపులు కలిసినప్పుడు ఎక్కువ మందికి పైకి తోసేవీ కిందకి లాగేవీ సమానంగా తీరిపోయి మధ్యలో నిలుస్తారు. దాదాపు అన్నీ ఒకే వైపు లాగడం చాలా అరుదు, అందుకే కొసలు పలచబడతాయి. ఇలాంటి బొమ్మను మనుషులతోనే చూపించిన సందర్భం ఒకటుంది. అమెరికాలో కనెక్టికట్ వ్యవసాయ కళాశాల విద్యార్థులను ఎత్తుల వారీగా వరసల్లో నిలబెట్టి తీయించిన ఫొటోను ఆల్బర్ట్ బ్లేక్స్లీ అనే శాస్త్రవేత్త 1914లో ప్రచురించాడు. మధ్య వరసలు పొడుగ్గా, కొసల్లోవి పొట్టిగా ఉండి, మనుషులే పటంగా మారారు.

ఆ ఫొటోలో ఉన్నవాళ్లందరూ మగవాళ్లే. ఆడవాళ్లనూ కలిపితే? రెండు శిఖరాలు ఖాయమని కొందరు చెప్పేస్తారు, కానీ అంత తేలిగ్గా రావు. రెండు గుంపులూ ఇంచుమించు ఒకే సంఖ్యలో, ఒకే చెదురుతో ఉన్నప్పుడు, వాటి సగటుల మధ్య దూరం ప్రామాణిక విచలనానికి రెండింతలు దాటితేనే రెండు శిఖరాలు విడివడతాయి. మన దేశంలో మగవాళ్ల సగటు ఎత్తు ఆడవాళ్ల కంటే 12, 13 సెంటీమీటర్లు ఎక్కువ. ఒక్కో గుంపులో విచలనం 6 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అంటే ఆ హద్దు మీదే ఉన్నాం. కలిపి గీస్తే నెత్తి చదునైన, వెడల్పాటి ఆకారం వస్తుంది. ఎత్తులైనా సరే, గుంపులు కలగాపులగమైతే గంట చెడుతుందన్నమాట.

ఇక మార్కులు. ఇరవై మంది తరగతిలో గణితం పరీక్ష పెడితే వందకు ఇలా వచ్చాయనుకుందాం: 22, 25, 28, 30, 32, 35, 35, 35, 38, 40, 78, 82, 84, 86, 88, 88, 90, 92, 95, 97. మొత్తం 1200, సగటు 60. ఎత్తులకు చేసినట్టే విచలనం కడితే 28.5 వస్తుంది.

సూత్రాన్ని కళ్లు మూసుకుని ఇక్కడ వాడేద్దాం. సగటుకు రెండు విచలనాలు పైకి వెళ్తే 117. వంద మార్కుల పరీక్షలో 117 ఎవరికి వస్తాయి? సూత్రం ఇక్కడ కుదరదని తేల్చడానికి ఇదొక్కటీ చాలు. ఇంకా లెక్కపెడదాం. 31.5 నుంచి 88.5 మధ్య 12 మంది ఉన్నారు, అంటే 60 శాతం. 68కి మరీ దూరం కాదు కదా అనిపించవచ్చు. కానీ గంట వక్రం ప్రకారం అందరికంటే ఎక్కువ మంది ఉండాల్సింది సగటు చుట్టూ. ఇక్కడ 60 మార్కులొచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. 41 నుంచి 77 దాకా మొత్తం ఖాళీ. శాతం ఒక్కటే చూసి సంతృప్తి పడితే ఈ ఖాళీ కంటికి ఆనదు.

ఈ మార్కుల్లో నిజానికి రెండు తరగతులున్నాయి. ఒకటి 32 సగటుతో, రెండోది 88 సగటుతో. ఉదాహరణకు బీజగణితంలో ఒక మెట్టు ఎక్కినవాళ్లకు దాని మీద ఆధారపడ్డ లెక్కలన్నీ వస్తాయి, ఎక్కనివాళ్లకు అన్నీ పోతాయి. ఎత్తు విషయంలో వేల కారణాలు దేనికది చిన్నగా పనిచేస్తే, ఇక్కడ ఒక పెద్ద కారణం పిల్లల్ని రెండుగా చీల్చేసింది. ఈ తరగతికి సగటు స్థాయిలో పాఠం చెబితే అది ఎవరికీ చెప్పినట్టు కాదు. సగం మందికి ముందే వచ్చింది, మిగతా సగానికి అందదు.

ఆ జాబితాలో మరొకటి గమనించండి. 35 మూడుసార్లు వచ్చింది. 33, 34 ఒక్కటీ లేవు. మన పదో తరగతిలో పాస్ మార్కు 35. దిద్దే చెయ్యి 33 దగ్గర ఆగి, ఎక్కడైనా ఒకటి రెండు మార్కులు దొరుకుతాయేమోనని పేపరు మళ్లీ తిరగేయడం మానవ సహజం. పోలండ్‌లో పాఠశాల చివరి పరీక్షలో పాస్ హద్దు 30 శాతం. అక్కడి పోలిష్ భాష పేపరు మార్కుల పటంలో 30కి ముందు పల్లం, 30 దగ్గర ఒక్కసారిగా గోపురం కనిపించిన సంగతి గణాంకశాస్త్ర పాఠాల్లో బాగా చెప్పుకునే ఉదాహరణ. మనిషి ఎత్తుకు పాస్ మార్కు లేదు కాబట్టి అక్కడ ఇలాంటి గోపురం రాదు.

అలాగని మార్కులు ఎప్పుడూ గంటకు లొంగవని కాదు. ప్రశ్నలు చాలా ఉండి, ఒకదాని మీద ఒకటి ఆధారపడకుండా, పేపరు మరీ తేలికా మరీ కష్టమూ కాకుండా, రాసేవాళ్లు ఎక్కువ మంది ఉంటే గంటకు దగ్గరి ఆకారమే వస్తుంది. తేలిక పేపరైతే మార్కులు వంద గోడకు ఒత్తుకుంటాయి, తోక ఎడమవైపు సాగుతుంది. కష్టమైన పేపరైతే సున్నా వైపు పోగుపడతాయి.

ఆకారం గంట కానప్పుడు ప్రామాణిక విచలనం పనికిరాకుండా పోదు. చెదురును అది ఎప్పుడైనా కొలుస్తుంది. గేట్ పరీక్షలో ఒకే పేపరు పలు సెషన్లలో జరిగితే మార్కులు సరిచూసే సూత్రంలో సగటునూ విచలనాన్నీ కలిపే వాడతారు. శాతాల విషయంలోనే జాగ్రత్త కావాలి. ఆకారం ఏదైనా సరే, రెండు విచలనాల లోపల కనీసం 75 శాతం ఉంటారని చెబిషెవ్ సిద్ధాంతం హామీ ఇస్తుంది. 95 అనాలంటే మాత్రం గంట ఆకారం ఉండి తీరాలి.

ఈ పాఠం చెప్పే టీచర్లకు ఒక్క మనవి. బోర్డు మీద 68, 95, 99.7 రాయకముందే పిల్లల చేత మార్కుల పటం గీయించండి. శిఖరం ఒక్కటేనా, అది సగటు దగ్గరే ఉందా, సగటుకు రెండు విచలనాలు కలిపినా తీసేసినా సున్నా, వంద గీతలు దాటడం లేదు కదా అని మూడు ప్రశ్నలు అడగండి. మూడింటికీ అవును అనిపించుకున్న పటానికే ఆ సూత్రం వాడనివ్వండి.