‘యొక్క’ దగ్గర జారే కాలు

పదో తరగతి తెలుగు పేపర్లోనైనా, టెట్, డీఎస్సీ పేపర్లలోనైనా ఈ తరహా ప్రశ్న తరచూ కనిపిస్తుంది: ‘దొంగభయం’ అన్న సమాసానికి సరైన విగ్రహవాక్యం ఏది? దొంగ యొక్క భయం, దొంగ కొరకు భయం, దొంగ వలన భయం, దొంగ యందు భయం. నాలుగూ దగ్గరదగ్గరగానే ఉంటాయి. తొందరలో ఉన్న పిల్లల చేయి మొదటిదాని మీదకే పోతుంది. ‘యొక్క’ పెడితే ఏ రెండు పదాలైనా అతికినట్టే అనిపిస్తాయి కనుక.

ఒక్క క్షణం ఆగి అర్థం చూద్దాం. ‘దొంగ యొక్క భయం’ అంటే భయపడుతున్నది దొంగ. పోలీసులను చూసి వాడు వణుకుతున్నాడన్న మాట. కానీ ‘మా వీధిలో దొంగభయం ఎక్కువ’ అన్నప్పుడు భయపడేది వీధివాళ్లు, ఆ భయానికి కారణం దొంగ. కారణాన్ని చెప్పేది ‘వలన’. అందుకే ఇది పంచమీ తత్పురుష.

తత్పురుషలో నాకు తెలిసిన నమ్మకమైన దారి ఇదే: ఆప్షన్లు చూడకముందే సమాసాన్ని ఒక వాక్యంలో పెట్టుకుని, రెండో పదం చేతనే మొదటి పదాన్ని ప్రశ్న అడిగించాలి. భయం అంటే, దేని వలన? హీనుడు అంటే, దేని చేత? విద్యాహీనుడు విద్య చేత హీనుడు, తృతీయ. భక్తి అంటే, ఎవరి యందు? దైవభక్తి దైవం నందు భక్తి, సప్తమి. వంటచెరకులో చెరకు అంటే కట్టె. కట్టె దేని కొరకు? వంట కొరకు, చతుర్థి. చూశారా, విభక్తిని మనం ఎంచుకోవడం లేదు, రెండో పదమే అడిగి తెచ్చుకుంటోంది. తోలు లాంటి పదం వచ్చినప్పుడు మాత్రం అది ‘దేనిది?’ అని అడుగుతుంది. అక్కడ పులితోలు పులి యొక్క తోలే, షష్ఠి.

ఈ పద్ధతి పట్టుబడ్డాక ఇంకో మలుపు ఎదురవుతుంది. ‘అర్ధరాత్రి’కి విగ్రహవాక్యం ‘రాత్రి యొక్క అర్ధభాగం’. యొక్క ఉంది కదా అని షష్ఠీ తత్పురుష అని రాస్తే మార్కు పోతుంది. తత్పురుషకు పేరు వచ్చేది మొదటి పదానికి ఉన్న విభక్తిని బట్టి. ఇక్కడ సమాసంలో మొదటి పదం ‘అర్ధ’. ‘యొక్క’ చేరినది రెండో పదమైన రాత్రికి. మొదటి పదం ప్రథమలోనే ఉంది కనుక ఇది ప్రథమా తత్పురుష. ‘మధ్యాహ్నం’ కూడా ఇంతే: అహ్నం యొక్క మధ్యభాగం. అహ్నం అంటే పగలు. విగ్రహంలో పదాల వరుస తిరగబడితే వెంటనే అనుమానపడి, సమాసంలో ముందున్న పదానికి ఏ విభక్తి దక్కిందో చూసుకోవాలి.

రెండు పదాలూ కాక మూడోది ఎవరినో చెప్పే బహువ్రీహిలో ఈ ప్రశ్న పద్ధతి పనిచేయదు. ముక్కంటి మూడూ కాదు, కన్నూ కాదు, మూడు కన్నులు గలవాడు. విగ్రహవాక్యం చివర ‘కలవాడు’, ‘కలది’ అన్న మాట లేకపోతే అది బహువ్రీహికి సరైన జవాబు కాదు.

ఒకే సమాసం రెండు రకాలుగా విడిపోయే సందర్భాలూ ఉన్నాయి. వ్యాకరణ శాస్త్రంలో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ‘ఇంద్రశత్రువు’. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని త్వష్ట యజ్ఞం చేశాడు. అక్కడ శత్రువంటే చంపేవాడు. అతను కోరుకున్నది ‘ఇంద్రునికి శత్రువు’ అనే తత్పురుష. మంత్రంలో స్వరం తప్పడంతో అది ‘ఇంద్రుడు శత్రువుగా కలవాడు’ అనే బహువ్రీహి అయిపోయింది. పుట్టిన వృత్రుడు ఇంద్రుడి చేతిలో చచ్చాడు. అక్షరాల్లో ఏ మార్పూ లేదు, ఉచ్చారణలో స్వరం ఒక్కటే విగ్రహాన్ని మార్చింది.

తెలుగులో ఆ స్వరభేదం లేదు. ఇలాంటి మాట వచ్చినప్పుడు ఏ విగ్రహం సరైనదో చెప్పగలిగేది చుట్టూ ఉన్న వాక్యమే. అందుకే ప్రశ్నపత్రాలు తయారుచేసే ఉపాధ్యాయులకు ఒక విన్నపం: సమాసాన్ని ఒంటరిగా ఇచ్చి నాలుగు ఆప్షన్ల ముందు నిలబెట్టకండి. అది వచ్చిన వాక్యాన్ని కూడా ఇవ్వండి.