బియ్యం రేటుతో రొయ్యల లెక్క

భీమవరం దగ్గర ఒక రైస్ మిల్లు కుటుంబం ఉందనుకుందాం. మూడు తరాలుగా ధాన్యం ఆడించడమే వాళ్ల పని. ఇప్పుడు రొయ్యల్ని శుభ్రం చేసి, గడ్డకట్టించి అమెరికాకు పంపే ప్లాంటు పెడదామని కొడుకు పట్టుబట్టాడు. ఖర్చు 40 కోట్లు. పదేళ్లపాటు ఏటా 7 కోట్లు చేతికొస్తుందని అంచనా. ఏటా 10 శాతం తగ్గించుకుంటూ పోతే ఆ పదేళ్ల సొమ్ము ఇవాళ్టి విలువ 43 కోట్లని తేలింది. అంటే 3 కోట్లు మిగులు. ఆ కాగితం తీసుకుని ఆడిటరుగారి దగ్గరికి వెళ్లారు.

"ఈ 10 శాతం ఎక్కడిది బాబూ?" అని ఆయన అడిగారు.

"మన మిల్లుదేనండి. బ్యాంకు వడ్డీ, మా వాటా మీద రావలసిన రాబడి కలిపి వేసుకున్నాం."

"డబ్బు మిల్లులోంచే వస్తోంది, ఒప్పుకుంటా. కానీ వెళ్లేది రొయ్యలోకి కదా?"

కథలో కీలకం ఈ ప్రశ్నే. చాలా పెద్ద కంపెనీలూ ఇక్కడే తడబడతాయి. 2001లో జాన్ గ్రహమ్, క్యాంప్‌బెల్ హార్వే ప్రచురించిన సర్వేలో 392 మంది ఫైనాన్స్ అధికారులు పాల్గొన్నారు. విదేశంలో కొత్తగా పెట్టే ప్రాజెక్టుకు కూడా కంపెనీ మొత్తానికి వాడే రేటునే వేస్తామని వాళ్లలో సగానికి పైగా చెప్పారు. దాని ఫలితం ఊహించవచ్చు: నిలకడైన పనులు అన్యాయంగా తిరస్కారానికి గురవుతాయి, ప్రమాదకరమైనవి సులువుగా గట్టెక్కుతాయి.

మరి రొయ్యల ప్లాంటుకు తగిన రేటు ఎలా కట్టాలి? 1964లో విలియం షార్ప్ ప్రచురించిన పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. దాన్ని 'క్యాపిటల్ అసెట్ ప్రైసింగ్ మోడల్' అంటారు. షార్ప్‌కు 1990లో నోబెల్ వచ్చింది. సారాంశం ఇది: మదుపుదారు తన డబ్బును పది చోట్ల పెట్టుకోగలడు కాబట్టి, ఒక్క వ్యాపారానికే పరిమితమైన కష్టాలకు మార్కెట్ అదనపు రాబడి ఇవ్వదు. మార్కెట్ మొత్తం పడినప్పుడు ఈ వ్యాపారమూ ఎంత పడుతుందన్నదానికే ఇస్తుంది. ఆ 'ఎంత'కు పెట్టిన పేరు బీటా. మార్కెట్ 10 శాతం పడితే సగటున తానూ 10 శాతం పడే షేరు బీటా 1. సగటున 15 శాతం పడేదైతే 1.5.

మన కుటుంబం ప్లాంటుకు షేర్ మార్కెట్లో ధర లేదు కదా, బీటా ఎక్కడ దొరుకుతుంది? పొరుగింటి పొయ్యి చూసి మన వంట అంచనా వేసుకోవాలి. షేర్ మార్కెట్లో ఉన్న రొయ్యల ఎగుమతి కంపెనీలను మూడింటిని ఎంచుకున్నారనుకుందాం. వాటి షేర్ల కదలికను నిఫ్టీ కదలికతో పోల్చి చూస్తే సగటు బీటా 1.56 వచ్చింది. (ఈ అంకెలన్నీ లెక్క అర్థమవడానికి నేను వేసుకున్నవే.) అయితే అందులో రొయ్యల ప్రమాదంతోపాటు ఆ కంపెనీల అప్పుల ప్రమాదం కూడా కలిసి ఉంటుంది. అప్పు ఉన్నవాడి లాభం ఎక్కువగా ఊగుతుంది, వడ్డీ మాత్రం ఎవరికోసమూ ఆగదు. కాబట్టి ముందు ఆ అప్పు బరువును తీసేయాలి. వాళ్లకు సొంత డబ్బు ప్రతి రూపాయికీ 40 పైసల అప్పు ఉందనీ, పన్ను 25 శాతమనీ అనుకుంటే, 0.40ని 0.75తో గుణించి 1 కలపాలి. 1.30 వస్తుంది. 1.56ను దాంతో భాగిస్తే 1.2. ఇది కేవలం రొయ్యల వ్యాపారానికి చెందిన బీటా.

ఇప్పుడు మన ప్లాంటు అప్పును తిరిగి ఎక్కించాలి. పెట్టుబడిలో మూడో వంతు అప్పు, అంటే సొంత రూపాయికి 50 పైసలు. అదే లెక్క తిరగేస్తే బీటా 1.65 అవుతుంది. పదేళ్ల ప్రభుత్వ బాండు 7 శాతం ఇస్తోందనీ, దానిపైన షేర్ మార్కెట్ నుంచి జనం మరో 6 శాతం ఆశిస్తారనీ అనుకుందాం. 6ను 1.65తో గుణించి 7 కలిపితే సొంత డబ్బుకు 16.9 శాతం రావాలి. బ్యాంకు వడ్డీ 10, పన్ను ఆదా పోగా 7.5. రెండు వంతులు ఇదీ, ఒక వంతు అదీ కలిపితే సుమారు 13.8 శాతం.

ఆ రేటుతో చూస్తే పదేళ్ల సొమ్ము విలువ 43 కోట్ల నుంచి 36.8 కోట్లకు దిగింది. 3 కోట్ల మిగులు కాస్తా 3.2 కోట్ల నష్టమైంది.

కొడుకు ఒప్పుకోలేదు. "వైట్ స్పాట్ తెగులు సంగతి కలిపారా? అది కలపకుండానే ఇలా వస్తే..." అన్నాడు. ఇక్కడ చాలామంది చేసే పని రేటుకు ఇంకో 5 శాతం తగిలించడం. ఆడిటరుగారు వద్దన్నారు. తెగులుకూ నిఫ్టీకీ సంబంధం లేదు, అది బీటాలో ఉండదు. ఉండాల్సింది పైనున్న రాబడి అంకెలో. మంచి ఏడాది 8 కోట్లు, అయిదేళ్లకోసారి తెగులు తగిలిన ఏడాది 3 కోట్లు అయితే సగటు సరిగ్గా 7 కోట్లు. అంటే ఆ తెగులు ముందే లెక్కలో ఉంది. రేటుకు 5 శాతం కలిపితే ఏమవుతుందో చూడండి. తెగులు ప్రతి ఏడాదీ సగటున ఎనిమిదో వంతు కోస్తుంది. అదనపు 5 శాతం మాత్రం మొదటి ఏడాది 4 శాతమే కోసి, పదో ఏడాదికి మూడో వంతు పైగా కోసేస్తుంది. వైరస్ అలా ఏటేటా ముదిరే వడ్డీలా నడవదు.

ఇక నమ్మకం ఎంతవరకు? నిజం చెప్పాలంటే బీటా చాలా వదులైన కొలత. అయిదేళ్ల నెలవారీ ధరలతో కట్టినా ఒక్క కంపెనీ అంకె అటో ఇటో పాతిక పాయింట్లు తేడా పడటం మామూలే. అందుకే మూడింటి సగటు తీసుకుంటాం. షేరు సరిగా చేతులు మారని చిన్న కంపెనీ అయితే మరీ మోసం: దాని ధర మార్కెట్ వెనుక ఆలస్యంగా కదులుతుంది, రోజువారీ ధరలతో బీటా కట్టితే నిజానికన్నా తక్కువగా కనిపిస్తుంది. రోజువారీ, నెలవారీ ధరలతో రెండుసార్లు కట్టి, అంకె పెద్దగా మారితే అనుమానించాలి. ఇంకో ఉచ్చు, పోల్చిన కంపెనీకి రొయ్యల మేత కూడా ఉండటం. మేత అమ్మకం వేరు, ఎగుమతి వేరు.

కాబట్టి ఆడిటరుగారు లెక్క వెనక్కి తిప్పారు. ఈ ప్లాంటు రాబడి 11.7 శాతం దగ్గర సరిగ్గా సమానమవుతుంది. అలా కావాలంటే రొయ్యల వ్యాపారపు బీటా 0.83కు మించకూడదు. 1.2 అనే కొలతలో పొరపాటు ఉన్నా, 0.83 దాకా దిగడానికి బలమైన కారణం కావాలి. ఉదాహరణకు అమెరికా కొనుగోలుదారుతో ధర ముందే ఖాయం చేసుకున్న దీర్ఘకాలిక ఒప్పందం. అలాంటిదేదీ కొడుకు చేతిలో లేదు.

తండ్రి అప్పటిదాకా మాట్లాడలేదు. "తెగులు మార్కెట్‌కు సంబంధం లేనిదే కావచ్చు సార్. మా ఆస్తంతా ఈ ఊళ్లోనే కదా?" అన్నారు. దీనికి షార్ప్ పద్ధతిలో జవాబు లేదు. డబ్బును పది చోట్ల పరచగలిగినవాడి కోసం కట్టిన లెక్క అది. మూడు తరాల ఆస్తి ఒక్క మిల్లులో, ఇప్పుడు ఒక్క ప్లాంటులో ఉన్నవాడికి తెగులు మొత్తం తన మీదే పడుతుంది. అలాంటివాడు అడిగే రాబడి 13.8 కన్నా ఎక్కువే ఉండాలి. అంటే ఇదే ప్లాంటు వేలమంది వాటాదారులున్న కంపెనీ చేతిలో ఎక్కువ విలువ చేస్తుంది, వీళ్ల చేతిలో తక్కువ. ఆ సాయంత్రం తండ్రీకొడుకులు అలాంటి కంపెనీకి స్థలాన్ని లీజుకిస్తే ఎంత వస్తుందో కాగితం మీద వేయడం మొదలుపెట్టారు.