తలనొప్పికి ఒక లెక్కల పుస్తకం

“ఎన్నాళ్ల నుంచి వస్తోందమ్మా ఈ తలనొప్పి?”

“చాలా కాలం నుంచి డాక్టరు గారూ.”

“నెలలో ఎన్ని రోజులు?”

“వారానికోసారి వస్తుందనుకుంటానండీ. తలస్నానం చేస్తే తప్పకుండా వస్తుంది. పైత్యమో, సైనసో మరి.”

తలనొప్పితో వచ్చేవారికీ, వైద్యులకూ మధ్య రోజూ నడిచే సంభాషణ ఇది. ఇందులో అబద్ధమేమీ లేదు. అయినా దీని ఆధారంగా వైద్యుడు నిర్ణయించగలిగేది చాలా తక్కువ. రక్తపోటును యంత్రం చూపిస్తుంది, చక్కెరను రక్త పరీక్ష చూపిస్తుంది. మైగ్రేన్‌కు, అంటే మనం పార్శ్వపు నొప్పి అని పిలిచే జబ్బుకు, అలాంటి పరీక్ష లేదు. మెదడు స్కాన్ తీస్తే చాలామందిలో అది మామూలుగానే కనిపిస్తుంది. రోగి చెప్పే వివరాలే ఇక్కడ పరీక్ష. ఆ వివరాలు చెప్పుకోవడానికి దొరికే సమయం కూడా తక్కువే. 67 దేశాల సమాచారంతో 2017లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, మన దేశంలో ప్రాథమిక వైద్యుడు ఒక రోగికి ఇచ్చే సమయం సుమారు 2 నిమిషాలు.

అందుకే బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ, తలనొప్పి ఏ రకమో తేల్చడానికి కనీసం 8 వారాలు డైరీ రాయించమని సూచిస్తుంది. ఎన్నిసార్లు వచ్చింది, ఎంతసేపు ఉంది, ఎంత తీవ్రంగా ఉంది, వెంట ఏ లక్షణాలు వచ్చాయి, ఏ మందులు వాడారు, ఏవి నొప్పిని రేపినట్టు అనిపించింది, నెలసరితో సంబంధముందా అన్నవి అందులో ఉండాలి. దీనికి ప్రత్యేక పుస్తకం అక్కర్లేదు. ప్రతి తెలుగు ఇంట్లో గోడకు వేలాడే పెద్ద గళ్ల క్యాలెండర్ చాలు. ఏకాదశి, అమావాస్య, పండుగలు అందులో ముందే అచ్చయి ఉంటాయి కాబట్టి ఉపవాసం ఎప్పుడు చేశారో వెనక్కి చూసుకోవడం కూడా తేలిక. చదువురాని పెద్దవాళ్ల తరఫున మనవడో మనవరాలో రాత్రి పడుకునే ముందు ఒక గుర్తు పెట్టొచ్చు.

రాసే పద్ధతిలో ముఖ్యమైనది తీవ్రత. పదికి ఎన్ని మార్కులు అని అడిగితే ఒకే నొప్పికి ఒకరు నాలుగంటారు, ఒకరు తొమ్మిదంటారు. నొప్పి మన పనిని ఏం చేసిందన్నది దానికన్నా నమ్మకమైన కొలత. పని ఆగకపోతే 1, పని కష్టమైతే 2, మంచమెక్కాల్సి వస్తే 3. ఆ అంకె పక్కన మొదలైన వేళ, తగ్గిన వేళ వేయాలి. నొప్పి ఒక పక్కనా రెండు పక్కలా, వాంతి వచ్చినట్టుందా, వెలుతురూ చప్పుడూ భరించలేకపోయారా అన్నది ఒక్కో మాటలో రాయాలి. ఏ బిళ్ళ ఎన్నింటికి వేసుకున్నారు, రెండు గంటల్లో తగ్గిందా లేదా అన్నది చివర.

ఈ చిన్న వివరాలతోనే రోగ నిర్ధారణ మలుపు తిరుగుతుంది. అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం మైగ్రేన్ దాడి, మందు వేసుకోకపోతే, 4 నుంచి 72 గంటలు ఉంటుంది. సాధారణంగా ఒక పక్కన, నాడి కొట్టుకున్నట్టు పోట్లు పొడుస్తుంది, మెట్లెక్కితే పెరుగుతుంది, వికారమో వాంతో తోడవుతుంది. ఒత్తిడి తలనొప్పి తలకు రెండు పక్కలా గుడ్డ బిగించి కట్టినట్టు ఉంటుంది, నడిచినా పెరగదు. సైనస్ అని మనం సొంతంగా పెట్టుకునే పేరు కూడా తరచూ తప్పవుతుంది. 2004లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో, తమది సైనస్ తలనొప్పి అని నమ్మిన సుమారు 3,000 మందిని పరీక్షిస్తే వారిలో 88 శాతం మందిలో మైగ్రేన్ తరహా లక్షణాలున్నాయి.

అయితే డైరీ చేసే అసలు మేలు వేరే ఉంది. నొప్పి వచ్చిన రోజులు ఎలాగూ గుర్తుంటాయి. నొప్పి రాని రోజులనూ మింగిన బిళ్ళలనూ లెక్కపెట్టేది డైరీయే.

ఇదెలాగో చూడటానికి, మొదట మాట్లాడిన మహిళ 34 ఏళ్ల స్కూల్ టీచరనీ, 8 వారాలు, అంటే 56 రోజులు, వరసగా రాసిందనీ అనుకుందాం. అంకెలు ఊహించినవే గానీ ఇలాంటి లెక్కలు తలనొప్పి వైద్యులకు కొత్త కాదు. ఆమె క్యాలెండర్‌లో ఏదో ఒక స్థాయి నొప్పి ఉన్న రోజులు 32 తేలాయి. మంచమెక్కించినవి 10, మిగతా 22 తల దిమ్ముగా ఉన్నవి. “వారానికోసారి” అని చెప్పినప్పుడు ఆమె ఆ పదింటినే తలుచుకుంది. దిమ్ముగా ఉన్న రోజున ఒక బిళ్ళ వేసుకుని బడికి వెళ్లిపోయింది కాబట్టి అది తలనొప్పి కింద లెక్కకే రాలేదు.

ఇప్పుడు తలస్నానం సంగతి. ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. తలస్నానం తర్వాత మైగ్రేన్ వస్తుందని చెప్పిన 94 మంది భారతీయ రోగుల గురించి ముంబయికి చెందిన తలనొప్పి నిపుణుడు డాక్టర్ కె. రవిశంకర్ 2006లో ఒక వైద్య పత్రికలో రాశారు. కొందరికి అది నిజమైన కారణమే. ఈమెకు అవునా కాదా అన్నదే ప్రశ్న.

మంగళ, శుక్రవారాలు తలంటుకుంటుంది గనక 8 వారాల్లో 16 తలస్నానాలు. ఆ 16 రోజుల్లో తీవ్రమైన నొప్పి వచ్చింది 3 రోజులు. తలస్నానం చేయని 40 రోజుల్లో 7 రోజులు. రెండు చోట్లా దాదాపు ఆరు రోజులకొకటి! స్నానం చేసినా చేయకపోయినా తేడా లేదన్నమాట. తలంటుకున్న రోజు నొప్పి వస్తే మనసులో నాటుకుపోతుంది. తలంటుకుని కూడా హాయిగా గడిచిన 13 రోజులను ఎవరూ గుర్తుపెట్టుకోరు.

అదే క్యాలెండర్‌లో శనివారాలు వేరే కథ చెప్పాయి. వేంకటేశ్వరస్వామికని ఆమె రాత్రి వరకు ఏమీ తినదు. 8 శనివారాల్లో 5 సాయంత్రాలు ఆమె మంచమెక్కింది. మిగతా అయిదు తీవ్రమైన రోజుల్లో నాలుగు నెలసరికి ముందు రోజు నుంచి రెండో రోజు లోపు వచ్చాయి, రెండు నెలల్లోనూ రెండేసి. చివరిది రాత్రంతా బస్సులో కూర్చుని పెళ్లికి వెళ్లొచ్చిన మర్నాడు. భోజనం మానడం, నెలసరి దగ్గర హార్మోన్లు పడిపోవడం, నిద్ర చెడటం మైగ్రేన్‌ను రేపుతాయని వైద్యులకు బాగా తెలిసినవే. ఇప్పుడవి ఈమె విషయంలోనూ కనిపించాయి.

అందుకే నొప్పి వచ్చిన రోజునే “ఏం తిన్నాను, ఏం చేశాను” అని వెతికితే దారి తప్పుతాం. అనుమానం ఉన్న రెండు మూడు విషయాలను మాత్రం ఎంచుకుని, నొప్పి ఉన్నా లేకున్నా, అవి జరిగిన ప్రతి రోజూ గుర్తు పెట్టాలి. ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. మైగ్రేన్ దాడికి కొన్ని గంటల నుంచి రెండు రోజుల ముందే కొందరికి ఆవులింతలు వస్తాయి, మెడ పట్టేస్తుంది, తీపి మీదకు మనసు పోతుంది. అప్పుడు చాక్లెట్ తిని, తర్వాత నొప్పి వస్తే చాక్లెట్‌ను తప్పుపడతారు. నిజానికి ఆ కోరిక అప్పటికే మొదలైన దాడిలో భాగం కావచ్చు. ఏది ముందు, ఏది వెనక అన్నది వేళలు రాసి ఉంటేనే తెలుస్తుంది.

టీచరు క్యాలెండర్‌లో వైద్యుణ్ని ఎక్కువ ఆలోచింపజేసేది మాత్రం బిళ్ళల గడి. 56 రోజుల్లో 25 రోజులు ఆమె మెడికల్ షాపులో కొన్న బిళ్ళ వేసుకుంది. పారాసెటమాల్‌తో పాటు కెఫీన్, ఇంకో నొప్పి మందు కలిసిన బిళ్ళ అది. అంటే నెలకు 12, 13 రోజులు. ఇలా కలిపిన బిళ్ళలు నెలకు 10 రోజులు, ఒంటి పారాసెటమాల్ లాంటివి 15 రోజులు లేదా అంతకు మించి మూడు నెలలకు పైగా వాడుతూ, నెలలో సగం రోజులు తల నొస్తుంటే, ఆ మందే తలనొప్పిని పెంచుతోందని అనుమానించాలి. ఆమె ఆరు నెలలుగా ఇలాగే వాడుతోందని అడిగితే తెలుస్తుంది. ఆ 22 దిమ్ము రోజులకు కారణం చాలావరకు అదే కావచ్చు. ఎన్ని బిళ్ళలన్నది ఇక్కడ ముఖ్యం కాదు, ఎన్ని రోజులన్నదే ముఖ్యం. ఒకే రోజు రెండు వేసుకున్నా అది ఒక రోజు కిందే లెక్క.

ఇప్పుడు వైద్యుడి చేతికి పని దొరికింది. ఆ బిళ్ళ మాన్పించాలి. మానిన మొదటి వారం, పది రోజులు నొప్పి పెరగొచ్చని ముందే చెప్పాలి. దాడులు రాకుండా ప్రొప్రనలాల్, అమిట్రిప్టిలిన్ లాంటి నివారణ మందుల్లో ఆమె ఒంటికి సరిపడేది ఎంచాలి. శనివారం ఉపవాసాన్ని పాలు, పండ్లతో చేయగలరా అని అడగొచ్చు. మందు పనిచేస్తోందా అన్నది కూడా డైరీయే చెబుతుంది. రెండు మూడు నెలల్లో తలనొప్పి రోజులు సగానికి తగ్గితే మందు పనిచేసినట్టే. డైరీ లేకపోతే “కొంచెం నయమేనండీ” అన్న మాట మిగులుతుంది. దాంతో మోతాదు పెంచాలో, మందు మార్చాలో తేలదు.

ఇంత ఉపయోగపడే డైరీని పాడుచేసేది ఒక్కటే అలవాటు. ఆసుపత్రికి వెళ్లే ముందు రాత్రి కూర్చుని నెలంతా ఒకేసారి నింపేయడం. అమెరికాలో ఆర్థర్ స్టోన్ బృందం 2002లో ఒక పరిశోధన ప్రచురించింది. దీర్ఘకాలిక నొప్పులున్న 80 మందిని రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి కాగితం డైరీలు ఇచ్చారు. ఆ అట్టల్లో, పుస్తకం తెరిచిన వేళను నమోదు చేసే కాంతి పరికరాన్ని వాళ్లకు చెప్పకుండా అమర్చారు. కాగితాలు చూస్తే 90 శాతం సార్లు చెప్పిన వేళకే రాసినట్టుంది. పరికరం చూస్తే నిజంగా వేళకు రాసింది 11 శాతమే. మూడో వంతు రోజుల్లో పుస్తకం అసలు తెరవనే లేదు! ఒక రోజు మరిచిపోతే ఆ గడిని ఖాళీగా వదిలి, మరిచిపోయినట్టు ఒక గీత పెట్టడమే మంచిది. ఊహించి రాసిన అంకె మీద ఆధారపడి వైద్యుడు మోతాదు మారుస్తాడు.

వైద్యుడి దగ్గరకు వెళ్లే రోజు క్యాలెండర్ మొత్తం ముందు పెట్టి చదవమనకూడదు. ఒక కాగితం మీద అయిదు వరసలు రాసుకెళ్లాలి: నెలకు ఎన్ని రోజులు తలనొప్పి, అందులో మంచమెక్కించినవి ఎన్ని, బిళ్ళ వేసుకున్న రోజులు ఎన్ని, బిళ్ళ పేరేమిటి, నొప్పికి ముందు పదేపదే కనిపించినదేమిటి. ఖాళీ బిళ్ళల అట్ట కూడా వెంట తీసుకెళ్తే పేరు గుర్తుచేసుకునే ఇబ్బంది ఉండదు. అడిగినప్పుడు చూపించడానికి క్యాలెండర్ సంచిలో ఉంటే చాలు.

కొన్ని తలనొప్పులకు మాత్రం డైరీ రాస్తూ కూర్చోకూడదు. క్షణాల్లో పిడుగు పడ్డట్టు వచ్చి జన్మలో ఎరగనంత తీవ్రంగా ఉన్నది, జ్వరంతో మెడ బిగుసుకున్నది, మాట తడబడినా కాలూ చేయీ పట్టు తప్పినా చూపు పోయినా వాటితో వచ్చినది, తలకు దెబ్బ తగిలాక మొదలైనది, గర్భిణికి చూపు మసకబారుతూ వచ్చినది ఈ కోవలోవే. ఇలాంటప్పుడు వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరున్న పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లండి. యాభై ఏళ్లు దాటాక తొలిసారి కొత్త తలనొప్పి మొదలైతే కూడా 8 వారాలు ఆగకుండా ఆ వారంలోనే వైద్యుణ్ని కలవండి.